ఐదు వందల క్యాష్‌బ్యాక్ ఇచ్చి మళ్లీ లాక్కున్నారు

ఈ షాపింగ్ యాప్‌ని మూడేళ్లుగా వాడుతున్నాను. డెలివరీ, ప్యాకింగ్ సంగతి అందరికీ తెలిసిందే. నన్ను బాధపెట్టింది క్యాష్‌బ్యాక్. "చెప్పిన డబ్బు చెప్పినట్టు వేస్తారు" అని మా చెల్లెలి ఫోన్లో ఈ యాప్ పెట్టించింది నేనే. కొన్నది వెనక్కి పంపనంత వరకు ఆ మాట నిజమే.

దసరా సేల్లో 5,000 రూపాయలు దాటిన ఆర్డర్‌కి 500 వాలెట్‌లో వేస్తామన్నారు. మిక్సీ 3,499, దుప్పట్లు 999, మా అమ్మాయికి చుడీదార్ 849, మొత్తం 5,347 అయింది. సరుకు వచ్చిన మూడో రోజే 500 పడింది. సంతోషంగా దాంతో పప్పులు, నూనె తెప్పించేశాను.

చుడీదార్ భుజాల దగ్గర బిగుతైంది. ఆరో రోజున రిటర్న్ నొక్కాను. తెరమీద "రీఫండ్ 849" అనే కనిపించింది. బ్యాంకులో పడింది మాత్రం 349! కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి, "మేడమ్, మీ ఆర్డర్ ఇప్పుడు 4,498కి తగ్గింది, ఆఫర్ వర్తించదు. వాలెట్ ఖాళీగా ఉంది కాబట్టి రీఫండ్‌లో కోసుకున్నాం" అన్నాడు.

షరతుల్లో నిజంగానే ఉంది, చదవకపోవడం నా తప్పే. కానీ ఆ ముక్క రిటర్న్ నొక్కేటప్పుడు ఎందుకు చెప్పరు? అదే చుడీదార్‌ని ఒక సైజు పెద్దది అప్పటికే విడిగా 849కి కొన్నాను. అంటే నేను వాళ్ల దగ్గర ఉంచుకున్న సరుకు మళ్లీ 5,347దే. వాళ్ల లెక్క మాత్రం ఆర్డర్ నంబర్‌ని బట్టి. రిటర్న్ బదులు పక్కనే ఉన్న ఎక్స్‌ఛేంజ్ నొక్కి ఉంటే ఆర్డర్ విలువ తగ్గేది కాదు, 500 ఉండిపోయేది.

యాప్‌లో ఉన్న గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. 48 గంటల్లోపు అందినట్టు తెలపాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది, తెలిపారు కూడా. తర్వాత వచ్చిన జవాబు కేర్ అబ్బాయి చెప్పినదే. 849 చూపించిన తెరకి నేను స్క్రీన్‌షాట్ తీసుకోలేదు, వాదించడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేద్దామనుకున్నాను గానీ, ఇంట్లో అత్తయ్యకి ఆపరేషన్ టెన్షన్‌లో వదిలేశాను.

ఇదే యాప్‌లో బ్యాంకు కార్డు మీద వెంటనే తగ్గించే డిస్కౌంట్‌తో నాకు ఇలాంటి గొడవ రాలేదు. ఆ తగ్గింపుని వస్తువుల మీద పంచుతారు, ఒకటి పంపిస్తే దాని వాటా మాత్రమే పోతుంది.

మా ఊరికి మంచి బట్టల షాపు నలభై కిలోమీటర్లు, కాబట్టి యాప్ తీసేయలేదు. సైజు అనుమానం ఉన్న బట్టల్ని మాత్రం విడి ఆర్డర్‌లో పెడుతున్నాను. క్యాష్‌బ్యాక్ పడినా రిటర్న్ గడువు దాటేదాకా ముట్టుకోవడం లేదు.