సోలార్ ప్యానెళ్లు కొనేవారు జాగ్రత్త: పక్క అపార్టుమెంటు ఎత్తును ఫొటోలో అంతస్తులు లెక్కపెట్టి చెబితే నమ్మకండి

మాది హైదరాబాదులో ఒక పాత కాలనీ. కింద ఒక ఇల్లు, పైన ఒక ఇల్లు, ఆపైన డాబా. 2024 వేసవిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నాను. మొత్తం ఖర్చు దాదాపు రెండు లక్షలు. అందులో 78,000 రూపాయల సబ్సిడీ తిరిగి వచ్చింది. ప్యానెళ్లు మంచివే, ఇన్వర్టర్ మంచిదే, నెట్ మీటరు కూడా ఆలస్యం లేకుండా బిగించారు. తప్పంతా ఒకే ఒక్క అంకెలో జరిగింది. ఆ అంకె మా ఇంటికి దక్షిణాన ఉన్న అపార్టుమెంటు ఎత్తు.

సూర్యుడు చలికాలమంతా దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి దక్షిణాన ఉన్న భవనం నీడ మన డాబా మీద ఎంతవరకు పడుతుందో ముందే తేల్చుకోవాలి. ఈ సంగతి నాకూ తెలుసు, అమ్మకందారుకూ తెలుసు. నేను అడిగాను కూడా. అతను వాట్సాప్‌లో ఒక ఫొటో పంపమన్నాడు. వీధి మలుపులో నిలబడి అపార్టుమెంటును ఫొటో తీసి పంపాను. పది నిమిషాల్లో సమాధానం వచ్చింది: “అయిదు అంతస్తులు సార్. అంతస్తుకు పది అడుగుల చొప్పున యాభై అడుగులు. మీకు ఇబ్బంది లేదు.”

అతని తర్వాతి లెక్క చూస్తే తప్పు పట్టడానికి లేదు, అది ఒప్పుకోవాలి. మా డాబా రోడ్డు నుంచి 23 అడుగుల ఎత్తులో ఉంది. దాని మీద 8 అడుగుల ఇనుప స్టాండు. అంటే ప్యానెళ్ల అంచు 31 అడుగుల ఎత్తులో ఉంటుంది. అపార్టుమెంటు 50 అడుగులైతే ప్యానెళ్ల కన్నా 19 అడుగులు ఎక్కువ. డిసెంబరు 21 ప్రాంతంలో, అంటే సూర్యుడు అన్నిటికన్నా కిందికి ఉండే రోజుల్లో, హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు 49 డిగ్రీల వాలులో పడుతుంది. ఆ వాలుకు ప్రతి అడుగు ఎత్తుకూ 0.86 అడుగుల నీడ. 19 అడుగులకు పదహారు, పదహారున్నర అడుగులు. మా మొదటి వరస ప్యానెళ్లు ఆ అపార్టుమెంటు గోడకు 22 అడుగుల దూరంలో ఉన్నాయి. ఉదయం తొమ్మిదింటికి ఉత్తరం వైపు నీడ ఇంకాస్త సాగి, అడుగు ఎత్తుకు 1.15 అడుగులవుతుంది. అప్పుడు కూడా సరిగ్గా అంచు దాకా వచ్చి ఆగుతుంది. కాగితం మీద అంతా చక్కగా ఉంది.

మే మొదటి వారంలో బిగించారు. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకు కూడా నీడ కనిపించదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. ఆ నెలల్లో దక్షిణాన తాటిచెట్టంత గోడ ఉన్నా మధ్యాహ్నం మనకు తెలియదు. రోజుకు పన్నెండు, పదమూడు యూనిట్లు వస్తుంటే ఆనందంగా బంధువులందరికీ ఫోను తెర ఫొటోలు పంపించాను. వేసవిలో బిగించి, వేసవిలోనే చూపించి, వేసవిలోనే పూర్తి డబ్బు తీసుకున్న పనిని చలికాలంలో ఒకసారి చూసుకునే దాకా నమ్మకూడదని అప్పుడు నాకు తోచలేదు.

దీపావళి దాటిన వారానికే ఉత్పత్తి పడిపోవడం మొదలైంది. తొమ్మిది యూనిట్లు, తర్వాత ఏడు. డిసెంబరులో అయిదుకు వచ్చింది. మబ్బులేమో అనుకున్నాను, దుమ్మేమో అని ప్యానెళ్లు కడిగించాను. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు డాబా ఎక్కి చూస్తే మొదటి వరస మూడు ప్యానెళ్లూ నీడలో ఉన్నాయి. నీడ అంచు రెండో వరస మొదట్లో ఉంది. మాకున్నవి ఆరు ప్యానెళ్లు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే తీగ మీద కలిపినవి. మూడు నీడలో పడితే సగం కరెంటు వస్తుందిలే అనుకుంటాం. కానీ మిగిలిన మూడింటి వోల్టేజీ కొన్నిసార్లు ఇన్వర్టర్ పని చేయడానికి కావలసిన కనీస స్థాయికి అందదు. అది ఆగిపోతుంది. పొద్దున ఆరు ప్యానెళ్లూ నీడలోనే ఉండేవి.

అమ్మకందారుకు ఫోను చేస్తే “ఫొటో మీరే పంపారు కదండీ” అన్నాడు. నిజమే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అపార్టుమెంటు సంఘం కార్యదర్శి మంచివారు. అనుమతి అడిగితే వాచ్‌మన్‌ను తోడు ఇచ్చి పైకి పంపారు. ఆ రోజు లిఫ్టు పని చేయలేదు. మెట్లెక్కుతూ ఊరికే లెక్కపెట్టాను: ఒక్కో అంతస్తుకు 21 మెట్లు. మెట్టు ఎత్తు ఆరంగుళాలు. అంటే అంతస్తుకు పదిన్నర అడుగులు, పది కాదు. పైన పిట్టగోడ దగ్గర నిలబడి, నైలాన్ తాడుకు ఇటుక ముక్క కట్టి, ఉత్తరం గోడ వెంట నేల దాకా వదిలాను. వాచ్‌మన్ కింద నిలబడి ఇటుక నేలను తాకిందని చెప్పగానే పిట్టగోడ అంచు దగ్గర తాడుకు ముడి వేశాను. ఇంటికి వచ్చి ఆ తాడును వీధిలో పరిచి టేపుతో కొలిస్తే 67 అడుగులు.

యాభైకి, అరవై ఏడుకు మధ్య ఉన్న ఈ పదిహేడు అడుగులు ఎక్కడ పోయాయో కూర్చుని విడగొట్టాను. ఈ పోస్టులో మీరు గుర్తు పెట్టుకోవలసింది ఇదే. అంతస్తుకు అర అడుగు తేడా అయిదు అంతస్తులకు రెండున్నర అడుగులే. పిట్టగోడ మూడున్నర అడుగులు. మిగిలిన పదకొండు అడుగులూ కింద ఉన్నాయి: కార్లు పెట్టుకునే స్టిల్టు పది అడుగులు, రోడ్డు నుంచి దానిలోకి ఎక్కే వాలు ఒక అడుగు. నేను పంపిన ఫొటో మళ్లీ తీసి చూశాను. ప్రహరీ గోడ, దాని వెనక వేపచెట్టు, ముందు ఒక టెంపో వ్యాను. స్టిల్టు పూర్తిగా వాటి చాటున ఉంది. బాల్కనీలు అయిదు వరసలు కనబడ్డాయి, అతను అయిదు లెక్కపెట్టాడు. అది స్టిల్టు ప్లస్ అయిదు అని ఆ భవనంలో ఎవరిని అడిగినా చెప్పేవారు.

కాబట్టి “అంతస్తుకు పది అడుగులు వేసుకోవాలా, పదిన్నర వేసుకోవాలా” అని వాదించుకోవడం మనలాంటి అయిదారు అంతస్తుల భవనాల విషయంలో చిన్న గొడవ. పది అడుగులన్నది గాలిలోంచి పుట్టిన అంకె కాదు. నివాస గదికి నేల నుంచి కప్పు దాకా కనీసం 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. దానికి శ్లాబు మందం, టైల్స్ కింద వేసే సిమెంటు కలిపితే పదికి దగ్గరగా వస్తుంది. అసలు మోసం అంతస్తుగా లెక్కకు రాని వాటిలో ఉంది. కింద స్టిల్టు, వాలు. పైన పిట్టగోడ, మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు. ఈ అపార్టుమెంటులో మెట్ల గది, ట్యాంకు కలిసి డాబా మీద ఇంకో పదిహేను అడుగులు లేచాయి. అది సన్నటి నీడే అయినా, ఒక గంటసేపు ఒకే ప్యానెలు మీద నిలిచి ఉంటుంది. వీధిలో భవనానికి దగ్గరగా నిలబడి తీసిన ఫొటోలో ఇవేవీ కనబడవు, పిట్టగోడ వాటిని కప్పేస్తుంది. వెనక్కి జరిపి కట్టిన పైగది ఉన్నా అంతే. ముప్పై అంతస్తుల టవరైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ అంతస్తుకు అర అడుగు తప్పు పోగై పదిహేను అడుగులవుతుంది. కింద దుకాణాలు, ఆఫీసులు ఉన్న భవనమైతే ఆ అంతస్తులు పన్నెండు, పద్నాలుగు అడుగులు కూడా ఉంటాయి, పది అనుకోవడానికే వీల్లేదు.

పక్కవాళ్లు పైకి రానివ్వకపోతే ఫొటోతోనే కాస్త మెరుగ్గా లెక్కించే దారి ఉంది. దూరంగా, వీలైతే ఎదురు భవనం రెండో అంతస్తు నుంచి, ఫోనును పైకి వంచకుండా నిటారుగా పట్టుకుని తీయండి. పైకి వంచి తీస్తే పై అంతస్తులు కుంచించుకుపోతాయి. ఆ ఫొటోలో ఒక బాల్కనీ తలుపు ఎత్తు కొలవండి, అదే అంతస్తు నేల నుంచి పై అంతస్తు నేల దాకా కొలవండి. మన దగ్గర తలుపు సాధారణంగా ఏడు అడుగులు. నేను తర్వాత అలా తీసిన ఫొటోలో తలుపు 2 సెంటీమీటర్లు, అంతస్తు 3 సెంటీమీటర్లు వచ్చాయి. అంటే ఏడుకు ఒకటిన్నర రెట్లు, పదిన్నర అడుగులు. మెట్లతో వచ్చిన అంకె కూడా అదే. కానీ ఈ పద్ధతి అంతస్తు ఎత్తునే చెబుతుంది, స్టిల్టు ఉందో లేదో చెప్పదు. దానికి గేటు దాకా నడిచి వెళ్లి చూడాల్సిందే.

67 అడుగులతో అదే లెక్క మళ్లీ వేస్తే ప్యానెళ్ల కన్నా 36 అడుగులు ఎక్కువ. డిసెంబరు మధ్యాహ్నం నీడ 31 అడుగులు, ఉదయం తొమ్మిదింటికి 41. మా రెండు వరసలూ గోడకు 22 నుంచి 37 అడుగుల మధ్యలో ఉన్నాయి. డాబా మీద నేను కళ్లతో చూసింది అదే. నవంబరు మొదలు నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా మధ్యాహ్నం కూడా నీడ తప్పదని లెక్క చెప్పింది, క్యాలెండరులో రాసుకుంటూ వస్తే అలాగే జరిగింది.

చివరికి మొదటి వరస మూడు ప్యానెళ్లనూ ఉత్తరం చివర మా మెట్ల గది కప్పు మీదికి మార్పించాను. ఇనుప పని, తీగలు, కూలి కలిపి 22,000 రూపాయలు నా జేబులోంచే పోయాయి. ఇప్పుడు చలికాలంలో తొమ్మిది యూనిట్ల దాకా వస్తున్నాయి. ఉదయం పూట నీడకు మాత్రం మందు లేదు.

కొనే ముందు కొటేషనులో పక్క భవనం ఎత్తు ఎంతో, దాన్ని ఎలా కొలిచారో రెండూ రాయించుకోండి. “ఫొటో చూసి” అని రాయడానికి ఎవరికీ చేయి రాదు. స్టిల్టు, పిట్టగోడ, ట్యాంకు విడివిడిగా రాయమని అడగండి. డిసెంబరు ఉదయం తొమ్మిదింటి నీడ, మధ్యాహ్నపు నీడ రెండూ డాబా నక్షా మీద గీసి ఇమ్మనండి. డబ్బులో కొంత చలికాలం దాటాక ఇస్తాననండి, ఒప్పుకుంటే మంచిదే.

మొన్న మా బావమరిది కూడా సోలార్ పెట్టించుకుంటానని వేరే అమ్మకందారు దగ్గర కొటేషను తెచ్చుకున్నాడు. అందులో “దక్షిణ భవనం: 4 అంతస్తులు, 40 అడుగులు” అని ఉంది. ముడి వేసిన ఆ నైలాన్ తాడు ఇంకా మా మెట్ల కింద మేకుకు వేలాడుతోంది. దాన్ని అతనికి ఇచ్చి పంపాను, ఇటుక ముక్కతో సహా.