డౌన్‌టైం రిజిస్టరు, ఒక షీటు: పలాసలో రెండేళ్లు వాడాక

మాది పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, నేను షిఫ్ట్ సూపర్‌వైజర్ని. మెషిన్లు ఆగినప్పుడు రాసే రిజిస్టర్ని షీట్లోకి ఎక్కించి పివట్ టేబుల్ వేయడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. పైసా ఖర్చు లేదు, పని చేస్తుంది, కానీ మొదట్లో నన్ను బాగా తిప్పలు పెట్టింది. ఐదు స్టార్లకి నాలుగు ఇస్తా.

ముందు నిమిషాల లెక్క. నైట్ షిఫ్ట్‌లో 23:50కి ఆగి 00:20కి మొదలైతే మామూలు తీసివేతలో మైనస్ వస్తుంది. C ఆగిన టైం, D మళ్లీ మొదలైన టైం అనుకుంటే ఇది వాడండి:

```
=MOD(D2-C2,1)*1440
```

మొదటి మూడు నెలల్లో మొత్తం 4,680 నిమిషాలు ఆగాం. మెషిన్ వారీగా చూస్తే పీలింగ్ మెషిన్ పైన ఉంది, 1,240 నిమిషాలు. సరే అని దాన్ని మొత్తం విప్పించాం, పార్టులు మార్చాం, ఏమీ తగ్గలేదు. ఒక్క ఎంట్రీగా చూస్తే బాయిలర్ ట్యూబు లీకు పెద్దది, 660 నిమిషాలు, కానీ అది ఒక్కసారే వచ్చింది కాబట్టి పక్కన పెట్టా.

తర్వాత ఒక ఆదివారం కూర్చుని ఆపరేటర్లు రాసిన మాటలన్నీ చదివా. పీలింగ్ దగ్గర "పొట్టు ఊడట్లేదు", కలర్ సార్టర్ దగ్గర "ఎజెక్టర్ కొట్టట్లేదు", ప్యాకింగ్ దగ్గర "సిలిండర్ కదలట్లేదు". మూడూ కంప్రెసర్ గాలితో నడిచేవే! వేరే కాలమ్ పెట్టి వీటన్నిటికీ "గాలి" అని రాసి మళ్లీ లెక్కేస్తే 820, 410, 230, కలిపి 1,460 నిమిషాలు, అంటే దాదాపు 31 శాతం, అదీ 96 సార్లు. ఎవరి మెషిన్ దగ్గర వాళ్లు రాసుకోవడంతో ఒకే జబ్బు మూడు ముక్కలై దాక్కుంది.

ఏ గంటల్లో ఎక్కువో చూస్తే తెల్లవారుజామున 5 నుంచి 8 మధ్యే సగానికి పైగా ఉన్నాయి. వెళ్లి కంప్రెసర్ రిసీవర్ ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వు తిప్పితే గాలి కంటే ముందు బకెట్టు నిండా నీళ్లొచ్చాయి. ఆ నీళ్లే గాలితో పాటు మెషిన్లలోకి పోతున్నాయన్నమాట. ఆటో డ్రెయిన్ తుప్పుపట్టి మూసుకుపోయింది, చేత్తో తీసేవాళ్లు రాత్రి లేరు. అది మార్చి, షిఫ్టుకి రెండుసార్లు చేత్తో తీయమన్నాక తర్వాతి మూడు నెలల్లో "గాలి" 310 నిమిషాలకి దిగింది.

"కరెంటు పోయింది" అన్న ఎంట్రీలని మాత్రం జనరేటర్ లాగ్ బుక్‌తో సరిచూడండి. ఎవరి మీదా తప్పు పడని కారణం కదా, కొన్ని రోజులు జనరేటర్ అసలు తిరగనే లేదు మాకు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, పిక్క ఇరుక్కుని కటింగ్ మెషిన్ నిమిషం ఆగితే ఎవరూ రాయరు. వారంపాటు పక్కన అట్ట పెట్టి పెన్సిల్ గీతలు గీయిస్తే రోజుకి పది వచ్చాయి. మూడు నెలలకి 900 నిమిషాలు. రెండో స్థానంలో ఉండాల్సింది షీట్లో లేనే లేదు.