సేఫ్టీ ఇండక్షన్ వీడియో: స్క్రిప్ట్ ముందు ఇంగ్లీషులోనా, తెలుగులోనా, ఏది మేలు?

ఫ్యాక్టరీల్లో సేఫ్టీ చూసేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది, వీడియో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడు భాషల్లో కావాలి, స్క్రిప్ట్ ఇంగ్లీషులో రాసి మిగతా రెండిట్లోకి మార్పించాలా, లేక తెలుగులోనే మొదలెట్టాలా అని. ఇంగ్లీషుతో సుఖం లేకపోలేదు, పని ఎలా చెయ్యాలో రాసిపెట్టుకునే ఎస్‌ఓపీ ఎలాగూ అందులోనే ఉంటుంది, హెడ్డాఫీసు వాళ్ళు చదివి ఓకే చేసేస్తారు. నా ఓటు మాత్రం తెలుగుకే.

సాల్వెంట్ డ్రమ్ము సీనే చూడండి. ఎస్‌ఓపీని మారిస్తే "సాల్వెంట్ బదిలీకి ముందు సరైన ఎర్తింగ్ ఏర్పాటు చేయబడినదని నిర్ధారించుకోవలెను" అని వస్తుంది, ఎవరు చెయ్యాలో ఎక్కడ పెట్టాలో అందులో లేదు. షాపులో చెప్పినట్టు రాస్తే: "ఎర్తింగ్ క్లిప్ తీసుకోండి. డ్రమ్ము అంచుకి పెట్టండి. పెయింట్ మీద పెట్టొద్దు. పళ్ళు ఇనుముకే తగలాలి. అప్పుడే మూత తియ్యండి." ఒక వాక్యానికి ఒక పని, ఒక షాట్.

నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ "వద్దు" ఎప్పుడు వినపడుతుందనేది. ఇంగ్లీషులో "డోంట్" మొదట్లోనే వస్తుంది, హిందీలో "మత్" క్రియకి ముందొస్తుంది, మనకేమో చివర్లో. ఇంగ్లీషు గొంతుకి ఎడిట్ చేసిన వీడియోకి తెలుగు ఆడియో అతికిస్తే "పెయింట్ మీద పెట్ట" అనేలోపే షాట్ మారిపోయి, "వద్దు" వినపడేసరికి స్క్రీన్ మీద సరిగ్గా పెట్టిన క్లిప్ ఉంటుంది, అంటే మంచి పనినే వద్దన్నట్టు. అందుకే ఎడిటింగ్‌కి ముందే మూడు భాషలూ ఫోన్లో చదివి రికార్డ్ చేసుకోండి, ఏ షాట్‌కి ఏ భాష ఎక్కువసేపు పడితే షాట్ అంత పొడవు, పైన ఒక సెకను ఖాళీ. ఎర్ర ఇంటూ గుర్తు "వద్దు" పూర్తయ్యేదాకా ఉంచండి.

హిందీ కూడా పుస్తకాల హిందీ వద్దు, "క్లిప్ లగాయియే. పేంట్ పర్ మత్ లగాయియే" చాలు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళకి అదీ సొంత భాష కాదు కదా. ఇంగ్లీషు ఆఖర్న, ఈ వాక్యాల నుంచే తీయండి, అది ఎక్కువగా ఆడిటర్లకీ విజిటర్లకీ.

ఒకే వీడియోకి మూడు భాషల సబ్‌టైటిల్స్ అంటారా, చదవడం రానివాళ్ళకి దండగ. ఒకే వీడియోలో మూడు భాషలూ వరసగా వినిపించడమైతే సగంలోనే నిద్రపోతారు.

వీడియో అయ్యాక కొత్తగా చేరినాయన చేతికి క్లిప్ ఇచ్చి పెట్టి చూపించమనండి, పెయింట్ మీద పెడితే ఆ షాట్ మళ్ళీ తియ్యాల్సిందే. ఈ టెస్టుకి ఇంతవరకు వాడని కొత్త డ్రమ్మే తెచ్చుకోండి, సాల్వెంట్ ఖాళీ చేసిన పాతది వద్దు, లోపల అంటుకునే ఆవిరి మిగిలే ఉంటుంది.