చేబదులు అడిగే మిత్రుడికి కాదని చెప్పడం: సాకా, సర్దుబాటా, సూటి మాటా – ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో తొమ్మిదేళ్లుగా ఉంటున్న నాకు, నెలలో 25వ తేదీ దాటాక వచ్చే ఒక రకం ఫోను బాగా అలవాటైంది. ముందు ఊరి కబుర్లు, అమ్మానాన్నల ఆరోగ్యం, తర్వాత కాస్త మౌనం, ఆ తర్వాత "ఒరేయ్, ఒక ఐదు వేలు సర్దుతావా, జీతం పడగానే వేసేస్తా" అనే మాట. ఆ ఫోను చేసేవాడు ఒంగోలులో నాతో ఇంటర్ చదివిన మిత్రుడు. ఏడాదిన్నరలో ఎనిమిదిసార్లు ఐదేసి వేల చొప్పున 40,000 ఇచ్చాను. 26,000 తిరిగి వచ్చాయి. ఇది కాక, తెల్లవారుజామున విమానం ఉన్నప్పుడల్లా అతణ్ణి దేవనహళ్లి దగ్గరి విమానాశ్రయానికి కారులో దింపడం కూడా నా బాధ్యతగా మారింది. అతను మంచివాడు, నాకు కావలసినవాడు. అందుకే కాదని చెప్పడానికి నాకున్న మూడు దారులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడవలసి వచ్చింది.

మొదటిది సాకు. మొహమాటం ఉన్నవాళ్లం అందరం ముందు పట్టుకునే దారి ఇదే. "నా జీతమూ పడలేదు", "ఇంటికి పంపేశాను" అంటే అప్పటికి గండం గడుస్తుంది, ఎవరూ నొచ్చుకోరు. అయితే ప్రతి సాకుకూ ఒక గడువు ఉంటుందన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. జీతం పడలేదని చెబితే, ఎప్పుడు పడుతుందన్న ప్రశ్నకు తలుపు తీసినట్టే. నిజంగానే 1వ తేదీ ఉదయం మళ్లీ ఫోను వచ్చింది. అతని తప్పు అందులో లేదు, ఎందుకంటే నేను ఇవ్వనని చెప్పలేదు, ఇప్పుడు లేవని మాత్రమే చెప్పాను. అదే వారం మేము నంది హిల్స్‌కు వెళ్లిన ఫోటోలను నా భార్య స్టేటస్‌లో పెట్టినప్పుడు అతను ఏమీ అనలేదు గాని, తర్వాతి సంభాషణలో ఒక చల్లదనం వచ్చింది. అప్పు ఇవ్వనందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు వచ్చిన చల్లదనం అది.

సమయం విషయంలో సాకు ఇంకా బలహీనం. గ్రాంట్ డాన్నెలీ, ఆష్లీ విలన్స్ తదితరులు 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆహ్వానాన్ని కాదనేటప్పుడు డబ్బు లేదన్నవారి కన్నా తీరిక లేదన్నవారిని ఎదుటివారు తక్కువగా నమ్మారు. డబ్బు లేకపోవడం మన చేతిలో లేని విషయమనీ, తీరిక మనం చేసుకుంటే దొరికేదనీ జనం అనుకుంటారు. నా అనుభవమూ అదే. "ఆఫీసు పని ఉంది" అన్న ప్రతిసారీ, తెల్లవారుజామున నాలుగు గంటలకు ఏం పని అన్న ప్రశ్న అతని మాటల వెనక వినిపించేది.

రెండోది సర్దుబాటు: ఐదు వేలు అడిగితే రెండు వేలు ఇచ్చి, తిరిగి ఇవ్వనక్కర్లేదని చెప్పడం. నిజమైన ఆపదలో, ఉదాహరణకు ఆసుపత్రి అడ్వాన్సు కట్టవలసి వచ్చినప్పుడు, దీన్ని మించిన దారి లేదని ఇప్పటికీ నమ్ముతాను. ఇచ్చినది అప్పు కాదు గనుక లెక్క మిగలదు, మనసులో ముల్లూ మిగలదు. కానీ అడగడం నెలనెలా జరుగుతున్నప్పుడు ఈ పద్ధతి పనిచేయదు. ఎందుకో తెలియాలంటే ఆ డబ్బు ఎక్కడికి పోతున్నదో చూడాలి.

ఒకనాటి సాయంత్రం టీ తాగుతూ అతని క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటును ఇద్దరం కలిసి చూశాం. బాకీ 60,000. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 2,100, దానిమీద 18 శాతం జీఎస్టీ మరో 378, మొత్తం 2,478. అతను నెలనెలా కనీస మొత్తంగా కడుతున్నది 3,000. అంటే అసలులో తగ్గుతున్నది 522 రూపాయలు మాత్రమే, అదీ ఆ నెలలో కార్డును ఒక్కసారి కూడా గీకకపోతే. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికీ వడ్డీ లేని గడువు వర్తించదు. నేను ఐదు వేలు ఇస్తే అందులో దాదాపు సగం, రెండు వేలు ఇస్తే మొత్తం, వడ్డీకే సరిపోతుంది. నా సాయం అతని ఇబ్బందిని తగ్గించకుండా, బ్యాంకుకు ఫోను చేయవలసిన రోజును మరో నెల వెనక్కి నెట్టింది.

మూడోది సూటి మాట. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని పెద్దలు అన్నారు గాని, ఎనిమిది చేబదుళ్లు ఇచ్చాక నాకు ఆది ఎక్కడిది? మధ్యలో నిలబడి కాదని చెప్పాలంటే అతను అడిగిన క్షణంలో కాకుండా, ఏమీ అడగని రోజున చెప్పడం మేలని నిర్ణయించుకున్నాను. అడిగినప్పుడు చెబితే ఆ మాట అతని అవసరానికి జవాబులా వినిపిస్తుంది. అడగనప్పుడు చెబితే నేను పెట్టుకున్న నియమంలా వినిపిస్తుంది. నెల 8వ తేదీన, జీతం చేతిలో ఉన్న రోజున, ఇలా అన్నాను: "ఒరేయ్, ఇకమీదట ఎవరికీ చేబదులు ఇవ్వకూడదని అనుకున్నాను, నీకూ అంతే. పాత 14,000 నెలకు రెండు వేల చొప్పున 2వ తేదీన వేసెయ్. ఆ కార్డు బాకీని వాయిదాల్లోకి మార్చమని బ్యాంకును అడుగుదాం, నేను పక్కన కూర్చుంటా."

ఇందులో పాత బాకీ ప్రస్తావనే కీలకమని నా అభిప్రాయం. స్నేహాలు కాదన్న మాటతో తెగడం నేను తక్కువగా చూశాను. తీరని బాకీతో ముఖం చాటేయడం వల్ల తెగినవి ఎక్కువ. బాకీని వాయిదాలుగా కట్టమనాలి, లేదా వదిలేశానని నోటితో చెప్పాలి. ఊరకే ఉంటే అతను మన ఫోను ఎత్తడానికి జంకుతాడు.

విమానాశ్రయం విషయంలో నియమం వేరుగా పెట్టాను, ఎందుకంటే డబ్బుకు లెక్క ఉంటుంది గాని తెల్లవారుజాము నిద్రకు ఎవరూ లెక్క రాయరు. అమ్మానాన్నలు వస్తే, సామాను ఎక్కువైతే నేనే వస్తాననీ, ఒంటరి ప్రయాణాలకు వాయువజ్ర బస్సు ఎక్కమనీ చెప్పాను. ఏది కాదో చెప్పడంతోపాటు ఏది అవునో కూడా చెప్పినందువల్ల ఆ మాట అతనికి తేలికగా దిగింది.

డబ్బు మాట అంత తేలికగా దిగలేదు. మూడు వారాలు ఫోను రాలేదు. సూటి మాటకు ఉన్న నష్టం ఇదే, దాన్ని దాచడంలో అర్థం లేదు. ఆ మౌనంలో మెత్తబడి నేనే "కావాలంటే ఇస్తాలే" అని ఉంటే నియమం ఆ పూటే చచ్చిపోయేది. అందుకని డబ్బుతో సంబంధం లేని పనిమీద నేనే ఫోను చేశాను: మా అబ్బాయి అన్నప్రాసనకు ఇంట్లో గారెలు వండుతున్నాం, ఆదివారం పదింటికల్లా రమ్మని. అతను వచ్చాడు, ముభావంగా కూర్చున్నాడు, గిన్నెలు సర్దడంలో మా ఆవిడకు సాయం చేశాడు.

ఆ తర్వాతి నెల 2వ తేదీన రెండు వేలు పడ్డాయి. ఇప్పటికి నాలుగు వాయిదాలు వచ్చాయి, మూడు మిగిలాయి. మధ్యలో ఒకసారి 27వ తేదీన ఫోను మోగినప్పుడు నా గుండె కాస్త బరువెక్కింది. ఊరి కబుర్లు అయ్యాయి, అమ్మ మోకాళ్ల నొప్పి సంగతి అయింది, కాస్త మౌనం వచ్చింది. "కార్డు బాకీని పన్నెండు వాయిదాలకు మార్చారురా, రేపటి నుంచి మొదలు" అన్నాడు.