మాలలో ఉండి లాడ్జిలో దిగితే

ముందు డబ్బు లెక్క చెప్పేస్తాను, రాయడానికి కూర్చున్నదే అందుకు. ఒంగోలు బస్టాండుకి దగ్గర్లో ఒక లాడ్జి, ఒక్క రాత్రి. గదికి 1,200, చాపకి 100, స్నానానికి కొన్న నీళ్ల సీసాలకి 60, గోడకి మసి పట్టిందని 150. మొత్తం 1,510 రూపాయలు. "అయ్యప్ప స్వాములకు ప్రత్యేక గదులున్నాయండీ, తెల్లవారుజామున నాలుగింటికే నీళ్లు వస్తాయి" అని ఫోన్లో తీయగా చెప్పిన గది ఇదే.

నాది ఖమ్మం, పంపుసెట్ల విడిభాగాలు అమ్మే ఉద్యోగం, నెలలో సగం రోజులు ఊళ్ల మీదే. ఈ ఉద్యోగంలో 41 రోజుల దీక్ష కుదరదని అనుకుంటూనే ముప్పై ఎనిమిదేళ్లు గడిచాయి. చివరికి 2025 నవంబర్ 3న, కార్తీక సోమవారం, గుడిలో గురుస్వామి చేత మాల వేయించుకున్నాను. మొదటిసారి కాబట్టి కన్నె స్వామిని. తేదీ ఎలా కుదిరిందంటే, ముందు ఇరుముడి రోజు, అంటే శబరిమల యాత్రకి మూట కట్టుకుని బయల్దేరే రోజు, పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టాం. నవంబర్ 3 ఒకటో రోజైతే నవంబర్ 30కి 28, డిసెంబర్ 13కి 41 పూర్తి, 14 ఆదివారం ఇరుముడి. మా బృందంలో ఒకాయన రైలు టికెట్టు చూసుకుని నవంబర్ 11న మాల వేసుకుని, ప్రయాణం రోజులూ తిరుగు ప్రయాణం రోజులూ కలిపి "దాదాపు మండలమే కదా" అన్నాడు. గురుస్వామి ఏమీ అనలేదు గానీ, ఇరుముడి కట్టే నాటికి 41 నిండాలన్నది ఆయన లెక్క, నాకూ అదే సబబు అనిపించింది. మండల పూజ అయ్యాక డిసెంబర్ చివర్లో కొన్ని రోజులు శబరిమల గుడి మూసేస్తారు కాబట్టి నవంబర్ మూడో వారంలో మాల వేసుకునేవాళ్లు ఆ లెక్క కూడా చూసుకోవాలి.

బట్టలు సులువే. నల్ల లుంగీ, చొక్కా, కండువా, రెండు జతలు 1,150 అయ్యాయి. ఒక్క సలహా, మొదటి ఉతుకు విడిగా, కళ్లుప్పు నీళ్లలో నానబెట్టి ఉతకండి. నేను వినలేదు, మా ఆవిడ తెల్ల దుప్పటి బూడిద రంగుకి తిరిగింది. తులసి మాల 150, తోడుగా రెండోది ఇంకో 150. రెండో మాల ఎందుకంటే దారం తెగితే కంగారు పడకుండా ఉండటానికి. మాల తెగితే అపశకునం కాదు, పూసలు ఏరుకుని మళ్లీ గుచ్చుకోవచ్చు, అప్పటిదాకా మెడలో ఇంకోటి ఉంటుంది. నాది బైక్ మీద హెల్మెట్ పట్టీకి చిక్కుకుని 17వ రోజు తెగింది.

కష్టం బట్టల్లో లేదు, కాళ్లలో ఉంది. చెప్పులు లేవు. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం రెండింటికి డీలర్ షాపు ముందు తారు రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. మూడో వారానికి మడమలు పగిలి బైక్ గేరు వేస్తుంటే సుర్రుమనేది. ఒంటికి నూనె రాసుకోకూడదంటారు కదా, గురుస్వామిని అడిగితే "వైద్యం వేరు, సింగారం వేరు, కొబ్బరి నూనె రాసుకోండి స్వామీ" అన్నారు. గడ్డం, గోళ్లు, జుట్టు ఎలాగూ కత్తిరించకూడదు. ఆ మొహంతో వెళ్తే పాత బాకీలు మాత్రం తొందరగా వసూలయ్యాయి, ఎందుకో మరి.

ఇంట్లో ఉన్న రోజు ఇలా గడుస్తుంది. నాలుగున్నరకి లేచి తలమీద చన్నీళ్లు, విభూతి, గంధం, కుంకుమ, దీపం, శరణు ఘోష. మధ్యాహ్నం ఒక్కపూట అన్నం, దాన్నే భిక్ష అంటాం, ఉల్లి వెల్లుల్లి లేకుండా. సాయంత్రం మళ్లీ స్నానం, పూజ, తర్వాత ఉప్మానో ఇడ్లీయో పండ్లో, అది అల్పాహారం. రాత్రి నేల మీద చాప, దిండు లేదు. టీ విషయంలో గురుస్వాములు తలో మాట చెప్తారు, మాకు పాలు చాలన్నారు. మొదటి వారం సాయంత్రం నాలుగయ్యేసరికి తల తిరిగేది, రెండో వారానికి అలవాటైపోయింది. మా ఆవిడని పేరు పెట్టి పిలవకూడదు, 'మాతా' అనాలి, ఆవిడ నన్ను 'స్వామీ' అనాలి. "స్వామీ, పుణ్యం మీకు, గిన్నెలు నాకా?" అని పదో రోజు అడిగింది. న్యాయమే. నా వంటకి విడిగా గిన్నెలు, విడిగా పొయ్యి వేళ, పిల్లలకి మళ్లీ ఇంకో వంట. ఆవిడ నెలసరి నాలుగు రోజులూ ఆచారం ప్రకారం నేను మా ఊళ్లో గుడి పక్క, స్వాములు ఉండే సన్నిధానంలో పడుకున్నాను. నాకు కష్టమేమీ లేదు, ఆవిడకి మాత్రం నాలుగు రోజులు విశ్రాంతి దొరికిందని నవ్వుతూ చెప్పింది. నవ్వు పూర్తిగా నవ్వు కాదని నాకు తెలుసు.

ఇక ఒంగోలు. 22వ రోజు రాత్రి తొమ్మిదికి దిగాను. ప్రత్యేక గది అంటే మూడో అంతస్తులో మూల గది, మంచం గోడకి జరిపి, మేకుకి అయ్యప్ప క్యాలెండర్ తగిలించారు. కిటికీ తీస్తే కింద రెస్టారెంట్ వంటింటి పొగ గొట్టం సరిగ్గా నా మొహానికి. కోడి వేపుడు వాసన. కిటికీ మూస్తే ఉక్క. చాప అడిగితే వంద. పక్క హోటల్లో "ఉల్లి వెల్లుల్లి లేని భోజనం, స్వాములకు" అని బోర్డు ఉంది, మధ్యాహ్నం ఎవరో తిన్నారట బాగుందన్నారు, నేను ఇడ్లీ తీసుకున్నాను. కారప్పొడిలో వేలు పెట్టి కలుపుతుంటే కాగితం ముక్కలా పల్చటిది తగిలింది. వెలుతురుకి పెట్టి చూస్తే వెల్లుల్లి పొట్టు. సర్వర్ని పిలిచి చూపిస్తే "పొడిలోనే కదా స్వామీ, కూరల్లో వెయ్యం" అన్నాడు. బయట తినేటప్పుడు కూర కన్నా పొడుల్నీ పచ్చళ్లనీ అనుమానించండి, అవి వాళ్లు చెయ్యరు, డబ్బాల్లో కొంటారు. ఆ రాత్రి రెండు అరటిపళ్లతో సరిపెట్టుకున్నాను.

నాలుగున్నరకి కుళాయి తిప్పితే గాలి ఈల వేసింది. కిందికెళ్తే కుర్రాడు నిద్రకళ్లతో "మోటారు ఆరున్నరకి వేస్తారు" అన్నాడు. లీటరు సీసాలు మూడు కొని, ఇరవై రూపాయల చొప్పున, తలమీద పోసుకున్నాను. మూడు లీటర్లతో తల తడుస్తుంది, వీపు తడవదు. స్టీలు పళ్లెంలో చిన్న ప్రమిద పెట్టి పూజ చేసుకున్నాను. ఖాళీ చేసేటప్పుడు మేనేజరు పైకొచ్చి గోడ మీద వేలితో రాసి, వేలు చూపించి, "మసి, 150" అన్నాడు. ఆ మసి ఎన్నాళ్ల నాటిదో ఆ గోడకే తెలియాలి, నా దీపం గోడకి రెండు అడుగుల దూరంలో ఉంది.

ఇక్కడే అసలు మెలిక. మామూలు రోజుల్లో అయితే ఆ మెట్ల మీదే పంచాయితీ పెట్టేవాణ్ణి. కానీ దీక్షలో కోపం కూడదు, పరుష మాట కూడదు, ఎదుటివాణ్ణి 'స్వామీ' అనే పిలవాలి. "స్వామీ, నీళ్లు రాలేదు కదా, నాలుగింటికి వస్తాయన్నారు" అన్నాను. అతను చేతులు జోడించి "స్వామి శరణం" అన్నాడు. మాలలో ఉన్నవాడు అరవడని అతనికి నాకన్నా బాగా తెలుసు. 1,510 ఇచ్చి బయటికొచ్చాను. బస్టాండుకి యాభై అడిగిన ఆటో అబ్బాయి మీద ఇంతెత్తున లేచాను. ముప్పై అడుగుల తర్వాత నా అరుపు నాకే వినిపించింది.

గురుస్వామికి ఫోన్ చేశాను. "కోపం వచ్చిందా స్వామీ?" అన్నారు. వచ్చిందన్నాను. "ఎవరి మీద చూపించారు?" ఆటో అతని మీద అని చెప్పాల్సి వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. "ఇవాళ భిక్షకి ఎక్కడ కూర్చుంటే అక్కడ తినే ముందు వడ్డించండి" అని పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం చీరాలలో పని. డీలరే ఒక గుడి ఆవరణలోని భిక్ష పందిరికి దారి చెప్పాడు. సీజన్లో చాలా ఊళ్లలో ఇలా ఉచిత భిక్ష పెడతారు, లాడ్జి మేనేజర్లని కాకుండా ఊళ్లో మాలలో ఉన్న ఎవర్నైనా అడగండి, చెప్తారు. పన్నెండున్నరకి వందమంది దాకా బారులుగా నేల మీద కూర్చున్నారు. నేను వడ్డిస్తానంటే ఎవరని కూడా అడగలేదు, గుమ్మడికాయ దప్పళం బకెట్టు చేతికిచ్చారు. బకెట్టు బరువుకి పగిలిన మడమలు మండిపోయాయి. అందరికీ అన్నీ పడేదాకా ఎవరూ ముద్ద ముట్టరు, పెద్ద స్వామి శరణు చెప్పాక మొదలు, పంక్తి మొత్తం ముగిసేదాకా ఎవరూ లేవరు. రెండో పంక్తిలో నేను కూర్చున్నాను. ముద్దపప్పు, నెయ్యి, దప్పళం, దొండకాయ వేపుడు, చక్కెర పొంగలి, మజ్జిగ. వెల్లుల్లి బదులు ఇంగువ, అది కూడా పొదుపుగా, పోపులో వాసన ముందొచ్చి రుచి తర్వాత వచ్చేటంత. అంత ముద్దపప్పు నేను మా అమ్మ చేతిది తప్ప తినలేదు. అక్కడే హాల్లో చాపా, బావి నీళ్లూ ఉన్నాయి, రాత్రి ఉండిపొమ్మన్నారు, ఉండిపోయాను. హుండీలో 116 వేశాను, ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత టూర్లన్నిటికీ చాప, స్టీలు బిందె, ప్రమిద, ఇంగువ డబ్బా నా బ్యాగులోనే. గుళ్ల దగ్గరే పడక. ఒక డీలర్ "సరుకు రేపు వస్తుందా" అంటే "రాదు స్వామీ, గురువారం" అని నిజం చెప్పాను, ఆర్డరు పోలేదు కూడా.

14న ఇరుముడి, రైల్లో కొట్టాయం, నిలక్కల్ నుంచి బస్సులో పంబ, అక్కడ్నుంచి నడక, 16న దర్శనం, ఏ ఇబ్బందీ లేదు, మనిషికి 4,800 అయింది. నీలిమల ఎక్కేటప్పుడు మాత్రం నవంబర్ 11న మాల వేసుకుని 33 రోజుల లెక్కలో వచ్చిన మా స్వామి అరికాళ్లు బొబ్బలెక్కి అప్పాచిమేడు దగ్గర కూలబడ్డాడు, వారం వెనక నుంచే చెప్పులు మానేశాడట. నా పాదాలు అప్పటికి తోలు అయిపోయాయి. 18న ఇంటి గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి, అమ్మ చేత మాల తీయించుకున్నాను.

27న లాడ్జి నుంచి మెసేజ్ వచ్చింది, మా సేవలు ఎలా ఉన్నాయో చెప్పమని. అలవాటుగా 'స్వామీ' అని కొట్టాను. తుడిపేసి, 'ఏమండీ' అని మొదలుపెట్టి, నాలుగు పేరాలు రాశాను.