ఊరు మారాల్సిన ఆఫర్‌కు నేను పంపే జవాబు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

ఉద్యోగం ఇస్తున్నాం, ఊరు మారాలి అని ఆఫర్ మెయిల్ వచ్చినప్పుడు పంపడానికి నా దగ్గర ఒక జవాబు నమూనా ఉంది. 2017లో కడప నుంచి చెన్నైకి వెళ్లేటప్పుడు మొదటిసారి రాసుకున్నాను. తర్వాత పుణేకి వెళ్లినప్పుడు దాన్నే సవరించి వాడాను. ఇప్పుడు మళ్లీ కడపలోనే ఉన్నాను. మా చుట్టాల పిల్లలకూ, పాత ఆఫీసు వాళ్లకూ అదే ఇస్తున్నాను. ఇన్నేళ్లలో అది ఎక్కడ పని చేసిందో, ఎక్కడ చేయలేదో నాకు బాగా తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

ఈ జవాబులో రెండు విషయాలు అడుగుతాం: సమయం, ఊరు మారే ఖర్చు. రెండూ ఒకే మెయిల్‌లో, సంతకం పెట్టకముందే, ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే అడగాలి. రాజీనామా ఇచ్చాక అడిగితే అవతలివాళ్లకు మనం ఎలాగూ వస్తామని తెలిసిపోతుంది. అప్పుడు "చూద్దాం లెండి, ముందు జాయిన్ అవ్వండి" అంటారు. ఆ చూడడం చాలాసార్లు జరగదు.

సమయం అనే మాటలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఆఫర్‌కు అవునో కాదో చెప్పడానికి గడువు ఒకటి, ఉద్యోగంలో చేరే తేదీ మరొకటి. చాలామంది "కొంచెం టైమ్ కావాలి" అని రాస్తారు. హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు దాన్ని తమకు తోచినట్టు అర్థం చేసుకుంటారు. చేరే తేదీ గురించి అడిగితే, మనసు ఊగుతోందేమో అనుకుంటారు. అందుకే రెండింటినీ విడదీసి, దేనికి ఏ తేదీయో మనమే రాయాలి.

పుణే ఆఫర్ సంగతి వివరంగా చెబుతాను. నవంబరులో ఒక గురువారం మెయిల్ వచ్చింది. శనివారంలోగా అంగీకారం చెప్పమన్నారు, ముప్పై రోజుల్లో చేరమన్నారు. నా నోటీస్ పీరియడ్ అరవై రోజులు. పాప ఆరో తరగతి, పరీక్షలు ఏప్రిల్‌లో. ఊరు మారే ఖర్చు గురించి ఆఫర్ లెటర్‌లో ఒక్క లైన్ కూడా లేదు.

ఆ సాయంత్రమే జవాబు పంపాను. రాసింది ఇంగ్లిష్‌లో, సారాంశం ఇది:

"ఆఫర్‌కు ధన్యవాదాలు. ఈ పని నాకు నచ్చింది, చేరాలనే నా ఉద్దేశం. కుటుంబంతో ఊరు మారాల్సి ఉంది కాబట్టి నా తుది జవాబు వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వడానికి వీలవుతుందా? నా నోటీస్ పీరియడ్ 60 రోజులు, ఆ షరతు ఉన్న పేజీ జత చేస్తున్నాను. దాని ప్రకారం జనవరి నాలుగో వారంలో చేరగలను. ఊరు మారడానికి కంపెనీ తరఫున ఏ సహాయం ఉంటుందో తెలియజేయగలరు. సామాన్ల రవాణాకు రెండు కొటేషన్లు జత చేశాను. నేను ముందు ఒక్కడినే వస్తాను, కుటుంబం మే నెలలో వస్తుంది. ఆ ఖర్చుల బిల్లులు మే చివరి వరకు ఇచ్చే వీలు ఉంటుందా?"

ఇందులో అడిగిన ప్రతిదీ విన్నపం లాగానో ప్రశ్న లాగానో ఉందని గమనించండి. "ఇవి ఇస్తేనే వస్తాను" అని ఎక్కడా లేదు. దీనికి కారణం మర్యాద ఒక్కటే కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం అంగీకారం షరతులు లేకుండా పూర్తిగా ఉండాలి. షరతు పెట్టి ఒప్పుకుంటే అది అంగీకారం కింద రాదు, మనవైపు నుంచి కొత్త ప్రతిపాదన అవుతుంది. అప్పుడు వాళ్ల పాత ఆఫర్‌కు వాళ్లు కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదు. వీలుందా అని అడగడం వేరు, షరతు పెట్టడం వేరు. అలాగే మనం అంగీకరించేలోపు వాళ్లు ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు, పెట్టిన గడువు దాటితే ఆఫర్ దానంతటదే పోతుంది. కాబట్టి శనివారం గడువుంటే ఆలోచించుకుని సోమవారం అడుగుదామనుకోవడం ప్రమాదం. గడువు పెంచమనే మాట గడువు లోపలే వెళ్లాలి, పెంచినట్టు వాళ్ల మెయిల్ మన చేతికి రావాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. దీని దగ్గరే మనవాళ్లు ఎక్కువ తడబడతారు. "రీలొకేషన్ ఇస్తారా?" అని అడిగితే అవతల నుంచి ఏదో ఒక అంకె వస్తుంది, అది మన ఖర్చుకు సరిపోతుందో లేదో మనకే తెలియదు. నేను ముందు ఖర్చును రెండు భాగాలు చేసుకుంటాను. తిరిగి రాని ఖర్చు ఒకటి: సామాన్ల లారీ, బండి పంపడం, కుటుంబానికి రైలు టికెట్లు, ఇల్లు దొరికేదాకా ఉండే గది. తిరిగి వచ్చే డబ్బు మరొకటి: ఇంటి డిపాజిట్. మొదటిదాన్ని సహాయంగా అడగాలి. రెండోదాన్ని వడ్డీ లేని అడ్వాన్స్‌గా, జీతంలో నెలనెలా కోసుకునేలా అడగాలి. డిపాజిట్‌ను కూడా సహాయంలో కలిపి అడిగితే మొత్తం పెద్దదిగా కనిపించి అసలుకే ఎసరు వస్తుంది.

నాకు లారీకి వచ్చిన కొటేషన్లు 41,000, 46,500. బైకు రైల్లో పార్సిల్ వేస్తే, ప్యాకింగ్‌తో కలిపి 6,000 దాకా అవుతుందని లెక్క వేసుకున్నాను. టికెట్లు పెద్ద ఖర్చు కాదు, ముంబై వైపు వెళ్లే రైళ్లు కడప మీదుగా పుణేకి నేరుగా ఉన్నాయి. మొత్తం 60,000 దాకా బిల్లుల మీద, రెండు వారాలు గెస్ట్‌హౌస్, డిపాజిట్ కోసం 44,000 అడ్వాన్స్ అడిగాను. వాళ్లు 50,000 పరిమితితో బిల్లులకు ఒప్పుకున్నారు, గెస్ట్‌హౌస్ పది రోజులిచ్చారు, డిపాజిట్ అడ్వాన్స్‌కు కుదరదన్నారు. చేరే తేదీకీ, మే నెల గడువుకూ మాత్రం వెంటనే సరేనన్నారు. నాకు ఆ మే గడువే అన్నింటికంటే పనికొచ్చింది. చాలా కంపెనీల్లో ఈ బిల్లులు చేరిన రెండు మూడు నెలల్లోపే పెట్టాలనే నియమం ఉంటుంది. నేను చేరింది జనవరిలో, సామాన్లు కదిలింది మేలో. ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే 50,000 కాగితం మీదే ఉండిపోయేది. పిల్లల చదువు మధ్యలో ఉన్న ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది.

బిల్లుల మీద ఎందుకు, ఒకేసారి చేతికిస్తే బాగుంటుంది కదా అని మా పిన్ని కొడుకు అడిగాడు. జీతంతో పాటు వేసే మొత్తం మీద టీడీఎస్ కోస్తారు. 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి 60,000లో 12,480 పోయి 47,520 మిగులుతుంది. నా విషయంలో బిల్లుల మీద ఇచ్చిన డబ్బును జీతంలో కలపలేదు. మీ కంపెనీ ఎలా లెక్కిస్తుందో అకౌంట్స్ వాళ్లను ముందే అడగండి. బిల్లులు దాచి పెట్టుకునే ఓపిక లేనివాళ్లకు మాత్రం ఒకేసారి తీసుకోవడమే నయం.

ఆ బిల్లుల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. ప్యాకర్స్ వాళ్లు చాలామంది నగదు తీసుకుని "ఎస్టిమేట్" అనో "కొటేషన్" అనో అచ్చు వేసిన కాగితం మీద సంతకం పెట్టి ఇస్తారు. అది బిల్లు కాదు, అకౌంట్స్ వాళ్లు వెనక్కి పంపుతారు. జీఎస్టీ నంబరున్న ట్యాక్స్ ఇన్‌వాయిస్, సామాన్లు ఎక్కించుకున్నట్టు లారీవాళ్లు ఇచ్చే ఎల్‌ఆర్ అనే రసీదు కాపీ, బ్యాంకు ద్వారా కట్టిన రుజువు, ఈ మూడూ ఉండాలి. జీఎస్టీ నంబరు పదిహేను అక్షరాలు, అంకెలతో ఉంటుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే ఆ నంబరు ఎవరి పేరు మీద ఉందో, అమల్లో ఉందో లేదో తెలిసిపోతుంది. అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాలి.

ఊరికో ప్రత్యేక ఖర్చు ఉంటుంది, అది కూడా ముందే కనుక్కోవాలి. మన దగ్గర పదకొండు నెలల అద్దె ఒప్పందం స్టాంప్ పేపర్ మీద రాసుకుని సరిపెట్టుకుంటాం. మహారాష్ట్రలో అలాంటి ఒప్పందాన్ని కూడా రిజిస్టర్ చేయించాలి. ఆ ఫీజులు, బ్రోకర్‌కు ఇచ్చే నెల అద్దె నా మొదటి లెక్కలో లేవు, అక్కడే పనిచేసే కడప అబ్బాయి చెబితే చేర్చుకున్నాను.

హెచ్‌ఆర్ ఆమె ఇవన్నీ ఫోన్‌లో చెప్పి "ఇక ఓకేనా సార్?" అంది. "చాలా సంతోషం మేడమ్, ఇవే సవరించిన లెటర్‌లో వేసి పంపితే ఈ రోజే సంతకం పెడతాను" అన్నాను. మర్నాడు లెటర్ వచ్చింది. అందులో కొత్తగా ఒక లైన్ చేరింది: ఏడాదిలోపు మానేస్తే ఊరు మారే ఖర్చు మొత్తం తిరిగి కట్టాలి. ఇది మామూలుగా ఉండే షరతే. దాన్ని తీసేయమని అడగలేదు, గడిచిన నెలలు తగ్గించి కట్టించుకుంటారా అని అడిగాను, ఒప్పుకున్నారు. 60,000 తీసుకున్నవాళ్లు తొమ్మిది నెలలకు మానేయాల్సి వస్తే అప్పుడు 15,000 కడితే సరిపోతుంది. లేకపోతే మొత్తం కట్టాలి. సవరించిన లెటర్ వచ్చాక ఈ లైన్ ఉందేమో వెతకకుండా సంతకం పెట్టకండి.

ఈ జవాబు పని చేయని చోట్లూ ఉన్నాయి. క్యాంపస్ నుంచి ఒకే బ్యాచ్‌గా తీసుకునే ఫ్రెషర్లకు దాదాపు పని చేయదు. మా పిన్ని కొడుకుది ప్రొద్దుటూరు, అతనికి బెంగళూరు ఆఫర్ వచ్చినప్పుడు "అన్నా, అడిగితే ఉన్నది కూడా పోతుందేమో" అని భయపడ్డాడు. చేరే తేదీ అందరికీ ఒకటేనని, మార్చడం కుదరదని వాళ్లు జవాబిచ్చారు. ఆఫర్ పోలేదు. మొదటి రెండు వారాలు ఉండడానికి చోటు ఉందా అని మాత్రం మళ్లీ అడిగించాను, హాస్టల్ వివరాలు పంపారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో నియామక ఉత్తర్వులో రాసిన గడువే గడువు, పొడిగింపుకు అక్కడి పద్ధతిలో దరఖాస్తు పెట్టుకోవాలి, ఈ మెయిల్ అక్కడికి పనికిరాదు. పది ఇరవై మంది ఉండే చిన్న సంస్థల్లో రీలొకేషన్ పాలసీ అనేదే ఉండదు. అక్కడ కొటేషన్లు జత చేసి పంపితే బెదిరిపోతారు. యజమానితో ఫోన్‌లో మాట్లాడి, మాట్లాడుకున్నది ఆ రోజే చిన్న మెయిల్‌గా పంపి "సరే" అని ఒక్క ముక్క రాయించుకుంటే మేలు.

జవాబు రాకపోతే ఎలా అని కూడా అడుగుతుంటారు. గడువు రోజు మధ్యాహ్నం దాకా చూసి ఫోన్ చేస్తాను. "పరిశీలిస్తున్నాం" అంటే, అంతవరకు గడువు పొడిగించినట్టు ఒక మెయిల్ ఇమ్మంటాను. అదీ ఇవ్వకపోతే ఊరు మారే ఖర్చంతా మన జేబులోంచే పోతుందని లెక్క వేసుకుని, అప్పటికీ ఆ జీతం గిట్టుబాటు అవుతుందేమో చూసి, గడువు లోపల షరతు లేకుండా అవుననో కాదనో రాసేయాలి.