లినెన్-విస్కోస్ కుర్తా, కాటన్-పాలిస్టర్ కుర్తా: లేబుల్ చెప్పేది ఏమిటి?

తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక దుకాణంలో నా ముందు రెండు తెల్ల కుర్తాలు పరిచారు. రెండింటి అట్టల మీదా ‘లినెన్ లుక్’ అనే ఉంది. అది నేత తీరును చెప్పే మాటే గాని పోగు దేనిదో చెప్పేది కాదు. పక్క కుట్టు లోపలి చిన్న పట్టీ చూస్తే ఒకదానిలో 55% లినెన్, 45% విస్కోస్, రెండవదానిలో 60% కాటన్, 40% పాలిస్టర్ అని తేలింది. ఈ శాతాలు బరువును బట్టి వేసేవి.

మొదటిది జారుగా, మెత్తగా ఒంటి మీద వాలుతుంది. ఆ వాలు విస్కోస్‌ది, గరుకు మెరుపు లినెన్‌ది. చెమటను బాగా పీల్చుకుంటుంది కనుక అలిపిరి మెట్లెక్కేటప్పుడు హాయిగా ఉంటుంది, కాని కొండపైకి చేరేసరికి మోచేతుల దగ్గర ముడతలు తప్పవు. విస్కోస్ తడిసినప్పుడు బలాన్ని చాలావరకు కోల్పోతుంది. అందుచేత బండకేసి బాదకుండా, గట్టిగా పిండకుండా, చన్నీటిలో జాడించి నీడలో ఆరవేయాలి. తొలి ఉతుకులో కుదించుకుపోవడం కూడా దీనికి అలవాటే.

రెండవది ఇస్త్రీ నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది. అయితే పాలిస్టర్ దాదాపు నీటిని పీల్చదు కనుక మే నెల ఎండలో వీపుకు అతుక్కుంటుంది. కొన్నాళ్లకు చంకల కింద, సంచీ రాసుకునే చోట చిన్న ఉండలు కడతాయి. తెగిన పోగులను గట్టి పాలిస్టర్ పోగులు రాలనివ్వవు.

ఆఫీసుకైతే రెండవదే తీసుకునేవాడిని. కొండకు నడవాలి కాబట్టి మొదటిది కొన్నాను, ఒక సైజు పెద్దది.